ఫోటో మ్యాచ్ అయిందని ఆర్డర్ పెట్టేయకండి, బాడీ ఒకటే ఉంటుంది లోపల సరుకు వేరే

గోడ ప్లగ్గులో పెట్టే చిన్న తెల్ల డబ్బాలు ఉంటాయి కదా, ముందు గాట్లు, ఒక నీలం లైటు, పేరు ఊరు ఏమీ ఉండదు. అలాంటిదాన్ని ఫోటో సెర్చ్‌తో గుర్తుపట్టి కొనాలనుకునేవాళ్ళు దయచేసి ఇది చదవండి. మా అక్క వాళ్ళు అద్దెకి దిగిన ఇంట్లో పాతవాళ్ళు ఒకటి వదిలేసి వెళ్ళారు, అదేంటో తెలుసుకుని అలాంటిదే ఇంకోటి వంటగదికి తీసుకుందామని గూగుల్ లెన్స్‌లో ఫోటో పెట్టింది. అచ్చం అదే డబ్బా వచ్చింది, టైటిల్‌లో ఎలుకలు బొద్దింకలు పారిపోతాయి, కరెంటు ఆదా, గాలి శుభ్రం అని అన్నీ కలిపి రాసి ఉంది, ఆర్డర్ పెట్టింది.

వచ్చింది చూస్తే బయటికి కవలలే. కానీ పాతదాని గాట్లలోకి ఫోన్ టార్చ్ వేస్తే వెనకాల గుండ్రటి రేకు బిళ్ళ మెరుస్తుంది, అదే అల్ట్రాసోనిక్ స్పీకర్, అంటే పాతది మనకి వినపడని శబ్దంతో ఎలుకల్ని, పురుగుల్ని తరుముతుందని అమ్మే రిపెల్లర్. కొత్తదాంట్లో గాట్ల వెనక ఏమీ లేదు, ఉత్త చీకటి. వెనక లేబుల్ మీద `Useful load: 15000W` అని ఉంది, అంటే వాళ్ళు పంపింది లోపల కెపాసిటర్ పెట్టి కరెంటు ఆదా చేస్తుందని అమ్మే పవర్ సేవర్. రిటర్న్ అడిగితే ఆ సెల్లర్ "ఫోటోలో ఉన్నదే పంపాం కదండీ" అన్నాడు! ఫోటో నిజంగానే మ్యాచ్ అవుతుంది కాబట్టి వాడికి అదే సాకు, నాకు మండిందే అక్కడ.

అసలు సంగతేంటంటే ఇమేజ్ సెర్చ్ చూసేది ఆకారం, రంగు, పైన అచ్చేసిన అక్షరాలు మాత్రమే. లోపల స్పీకర్ ఉందో కెపాసిటర్ ఉందో దానికి ఎలా తెలుస్తుంది? ఇలాంటి చవక ప్లాస్టిక్ బాడీ ఒకటే తీసుకుని ఒకరు రిపెల్లర్ చేస్తారు, ఇంకొకరు పవర్ సేవర్ చేస్తారు. అందుకే లెన్స్ రిజల్ట్స్‌లో మొదటి పేరు దగ్గర ఆగకుండా కిందికి స్క్రోల్ చేయండి, ఒకే డబ్బాకి మూడు నాలుగు రకాల పేర్లు కనిపిస్తే ఆ ఫోటోతో గుర్తుపట్టడం అయ్యే పని కాదని అర్థం.

అప్పుడు వెనక్కి తిప్పి లేబుల్ ఫోటో తీయండి (ప్లగ్గులోంచి పీకాకే, స్విచ్‌బోర్డుతో కలిపి తీస్తే స్విచ్‌బోర్డులే చూపిస్తుంది). మోడల్ నంబర్ ఉంటే కోట్స్ మధ్య పెట్టి మామూలు సెర్చ్‌లో టైప్ చేయండి, బొమ్మ కన్నా అదే నమ్మకం. నంబర్ లేకపోతే ఫోటో సెర్చ్ వదిలేసి షాపింగ్ సైట్లో కేటగిరీలోంచి దిగండి. పెస్ట్ కంట్రోల్‌లోకి వెళ్ళి ఎలక్ట్రానిక్ రిపెల్లర్లు ఓ పేజీ నిదానంగా చూస్తే వాటి స్పెసిఫికేషన్లలో కిలోహెర్ట్జ్ లెక్క కనిపిస్తుంది, పవర్ సేవర్ల దగ్గరికి వెళ్తే లోడ్ ఇన్ని వాట్లు అని ఉంటుంది. మీ చేతిలో ఉన్నదాని లేబుల్ ఏ గుంపు భాష మాట్లాడుతుందో చూసుకోండి, అక్కకి కూడా నేను అలాగే తేల్చి చెప్పాను. తెలుసుకోవాలని డబ్బా మాత్రం విప్పకండి, ప్లగ్గు తీసేసినా కెపాసిటర్‌లో షాక్ కొట్టేంత ఛార్జి మిగిలి ఉండొచ్చు.

కొనేముందు ఇంకొకటి, సెల్లర్ పెట్టిన ఫోటోని టిన్‌ఐ అనే ఫోటో సెర్చ్ సైట్లో వేయండి. లెన్స్ పోలికున్నవి కూడా తెస్తుంది, టిన్‌ఐ మాత్రం అదే ఫోటో ఇంకెక్కడెక్కడ వాడారో వెతుకుతుంది, ఎప్పటినుంచి తిరుగుతుందో పాతవి ముందు వచ్చేలా పెట్టుకోవచ్చు. అదే ఫోటో వేరే వేరే షాపుల్లో వేరే వేరే పేర్లతో ఉంటే ఆ సెల్లర్ తన సరుకుని ఫోటో తీయలేదని అనుకోవచ్చు. రివ్యూల్లో కొన్నవాళ్ళు పెట్టిన ఫోటోలే చూడండి, ముఖ్యంగా వెనకవైపువి.

ఇంకా చెప్పాలంటే సరైన రిపెల్లర్ వచ్చినా ఎలుకలు పోతాయని నేను హామీ ఇవ్వను, 2001లోనే అమెరికాలో వినియోగదారుల్ని మోసాల నుంచి కాపాడే ప్రభుత్వ సంస్థ ఎఫ్‌టీసీ వీటిని తయారుచేసేవాళ్ళకీ అమ్మేవాళ్ళకీ కలిపి 60 మందికి పైగా హెచ్చరిక లేఖలు పంపింది, చెప్పుకునే గొప్పలకి శాస్త్రీయ ఆధారం ఉండాలని. పవర్ సేవర్ ఇంకా అన్యాయం, ఇంటి మీటరు యూనిట్లని లెక్కేస్తుంది, ఒక కెపాసిటర్ తగిలించినంత మాత్రాన ఆ యూనిట్లు తగ్గవు.

రిటర్న్ దగ్గర మాకు పనికొచ్చింది లిస్టింగ్ టైటిల్ స్క్రీన్‌షాట్, దాని పక్కన వెనక లేబుల్ ఫోటో. "ఫోటో మ్యాచ్ కాలేదు" అని కాకుండా "టైటిల్‌లో రాసిన పని చేసే భాగమే ఇందులో లేదు" అని రాసి సైట్ వాళ్ళకే పంపాం, అప్పుడు గానీ డబ్బులు వెనక్కి రాలేదు. ఆ లిస్టింగ్ ఇంకా అలాగే ఉంది, ఈమధ్య టైటిల్‌లో దోమలు కూడా చేర్చాడు.