వోర్టెక్సా, డీఎంఐనా? క్రాస్ఓవర్ చదవడానికి ఏది మేలు?

బెంగళూరులో మారతహళ్ళి, బీటీఎం లేఅవుట్ వైపు మన తెలుగు ట్రేడర్లు నలుగురు కలిస్తే ఈ మధ్య ఒకే ప్రశ్న వస్తోంది. "అన్నా, ట్రెండ్ మారిందని తెలుసుకోడానికి వోర్టెక్స్ పెట్టుకోవాలా, పాత డీఎంఐ సరిపోతుందా?" ధర ఎటు కదులుతోందో చూపే ఇండికేటర్లే ఇవి రెండూ. డీఎంఐ అంటే డైరెక్షనల్ మూవ్‌మెంట్ ఇండెక్స్. రెండిట్లోనూ పైవైపు కదలికకి ఒక గీత, కిందివైపు కదలికకి ఒక గీత ఉంటాయి. ఒకటి రెండోదాన్ని దాటడమే సిగ్నల్. అలవాటుగా వాడే లెక్క కూడా రెండిటికీ 14 క్యాండిల్సే. దాంతో ఏది పెట్టినా ఒకటే అనిపిస్తుంది. కానీ ఆ దాటడం ఎందుకు జరిగిందన్న దగ్గర ఈ రెండిటికీ చాలా తేడా ఉంది. నా ఎంపిక ఆ తేడా మీదే ఆధారపడింది కాబట్టి ఎక్కువ మాట దాని గురించే చెబుతాను.

డీఎంఐని వెల్లెస్ వైల్డర్ 1978లో ఇచ్చాడు. వోర్టెక్స్‌ని ఎటియెన్ బోట్స్, డగ్లస్ సీప్‌మన్ 2010 జనవరిలో బయటపెట్టారు. నీటి సుడుల మీద విక్టర్ షావ్‌బెర్గర్ చెప్పిన ఆలోచనలు, వైల్డర్ లెక్క రెండూ వాళ్ళకు ప్రేరణ. ఫార్ములా మీకు తెలిసిందే, ఒకసారి ఎదురుగా పెట్టుకుందాం.

```
VM+ = |High - నిన్నటి Low|
VM- = |Low - నిన్నటి High|
VI+ = sum(VM+, 14) / sum(TR, 14)
VI- = sum(VM-, 14) / sum(TR, 14)
```

TR అంటే ట్రూ రేంజ్: ఇవాళ్టి హై, లోల మధ్య దూరం, నిన్నటి క్లోజ్ నుంచి ఇవాళ్టి హైకి, లోకి ఉన్న దూరాలు, ఈ మూడిట్లో పెద్దది. VI+, VI- అనే రెండు గీతలకీ భాగహారంలో కింద ఉన్నది ఒకే ట్రూ రేంజ్ మొత్తం. అంటే ఎవరు పైన, ఎవరు కింద అన్నదాన్ని ట్రూ రేంజ్ మార్చలేదు. గీతలు ఎంత ఎడంగా కనిపించాలన్నది మాత్రమే అది చెబుతుంది. క్రాస్ఓవర్ పూర్తిగా పై లెక్కలోనే, VM+ మొత్తానికీ VM- మొత్తానికీ మధ్య తేలిపోతుంది.

ఇప్పుడు ఆ రెండిటి తేడా తీసి చూడండి. గ్యాప్ లేని రోజున, అంటే ఇవాళ్టి క్యాండిల్ నిన్నటి క్యాండిల్‌ని ఎక్కడో ఒకచోట తాకిన రోజున, VM+ లోంచి VM- తీసేస్తే మిగిలేది ఇవాళ్టి హై, లోల కూడిక లోంచి నిన్నటి హై, లోల కూడిక తీసేసినది. దీన్ని 14 రోజులకు వరసగా కూడితే మధ్యలో రోజులన్నీ ఒకదానితో ఒకటి కొట్టుకుపోతాయి. మిగిలేవి రెండే: ఇవాళ, సరిగ్గా 14 రోజుల కిందటి రోజు. అంటే పూర్తి గ్యాప్‌లు లేనంతవరకు VI+ పైకి దాటిందంటే ఇవాళ్టి మధ్యధర 14 రోజుల కిందటి మధ్యధర కంటే పైకి వచ్చిందని అర్థం, అంతే. ట్రేడింగ్‌వ్యూ పైన్ స్క్రిప్ట్‌లో `hl2 - hl2[14]` అని రాసి సున్నాని ఎక్కడ దాటుతుందో చూడండి. గ్యాప్‌లు లేనప్పుడు వోర్టెక్స్ క్రాస్ఓవర్లు అక్కడే పడతాయి.

దీనివల్ల వచ్చే చిక్కు ఒక చిన్న లెక్కలో చూపిస్తాను. సులువుగా ఉండడానికి 14కి బదులు 3 రోజులు తీసుకుందాం. అంకెలు ఉదాహరణకి వేసుకున్నవే. ఒకటో రోజుకి ముందురోజు హై 104, లో 100, క్లోజ్ 102. ఒకటో రోజు షేరు ఎగిరింది: హై 110, లో 103. రెండో రోజు హై 111, లో 107. మూడో రోజు కాస్త తగ్గి హై 110, లో 106. ఒకటో రోజు నుంచి ప్రతి క్లోజూ మర్నాటి హై, లోల మధ్యే ఉందనుకుందాం. ఈ మూడు రోజుల VM+ 10, 8, 3, మొత్తం 21. VM- 1, 3, 5, మొత్తం 9. ట్రూ రేంజ్ 8, 4, 4, మొత్తం 16. కాబట్టి VI+ 1.31, VI- 0.56. పైకి వెళ్ళే ట్రెండ్ బలంగా ఉన్నట్టు కనిపిస్తోంది.

ఇక నాలుగో రోజు, ఐదో రోజు షేరు కదల్లేదనుకుందాం. రెండు రోజులూ హై 110, లో 106 మాత్రమే, అచ్చం మూడో రోజులాగే. ఈ రోజుల్లో VM+, VM- రెండూ 4, ట్రూ రేంజ్ కూడా 4. నాలుగో రోజు ఒకటో రోజు కిటికీలోంచి జారిపోయింది, VI+ 1.25, VI- 1.00 అయ్యాయి. ఐదో రోజు రెండో రోజు కూడా జారిపోయింది. ఇప్పుడు VM+ మొత్తం 11, VM- మొత్తం 13, ట్రూ రేంజ్ 12. VI+ 0.92, VI- 1.08. ట్రెండ్ కిందికి మారిందని క్రాస్ఓవర్ వచ్చేసింది! మూడు రోజులుగా హై, లో ఒక్క రూపాయి కూడా మారలేదు. అమ్మేవాళ్ళు కొత్తగా రాలేదు. పాత పెరుగుదల లెక్కలోంచి వెళ్ళిపోవడమే ఆ సిగ్నల్.

అదే అంకెలు డీఎంఐకి ఇద్దాం. అక్కడ ఇవాళ్టి హై నిన్నటి హైని ఎంత దాటింది, ఇవాళ్టి లో నిన్నటి లో కంటే ఎంత కిందికి పోయింది అని చూసి, ఏది ఎక్కువైతే దాన్ని మాత్రమే లెక్కేస్తారు. కాబట్టి మొదటి మూడు రోజుల్లో పైవైపు కదలిక 6, 1, 0, కిందివైపు 0, 0, 1. మొత్తాలు 7, 1. నాలుగో రోజు, ఐదో రోజు రెండు వైపులా సున్నా. వైల్డర్ స్మూతింగ్‌లో పాత మొత్తం ఒక్కసారిగా జారిపోదు, రోజూ ఒకే నిష్పత్తిలో కరుగుతుంది. 7 కాస్తా 4.67 అయితే 1 కాస్తా 0.67 అవుతుంది. రెండూ సమానంగా కరిగినప్పుడు ఒకటి రెండోదాన్ని దాటే అవకాశమే లేదు. డీఎంఐలో క్రాస్ఓవర్ రావాలంటే ఇవాళ్టి క్యాండిల్ ఎదురు దిశలో నిజంగా కదలాలి.

నాకు అసలు ముఖ్యం ఇదే. సిగ్నల్ చూసి డబ్బు పెడుతున్నప్పుడు, ఆ సిగ్నల్‌ని ఇవాళ్టి మార్కెట్ ఇచ్చిందా, మూడు వారాల కిందటి ఏదో క్యాండిల్ ఇచ్చిందా అన్నది తెలియాలి. డీఎంఐలో ఆ సందేహం లేదు. వోర్టెక్స్‌లో ప్రతి క్రాస్ఓవర్‌కీ 14 క్యాండిల్స్ వెనక్కి వెళ్ళి చూడాలి.

అలాగని వోర్టెక్స్‌ని తీసిపారేయడం న్యాయం కాదు. డీఎంఐ జ్ఞాపకం మరీ ఎక్కువ. 14 రోజుల సెట్టింగ్‌లో ఒక పెద్ద పతనం జరిగితే, మరో 14 రోజులు గడిచాక కూడా దాని బరువులో సుమారు 35 శాతం లెక్కలోనే ఉంటుంది. ధర పడి వెంటనే లేచిన సందర్భాల్లో డీఎంఐలో కిందివైపు గీత అయిన -DI చాలాకాలం పైనే కూర్చుని మనల్ని బయట నిలబెడుతుంది. వోర్టెక్స్ మాత్రం 14 రోజులవగానే పూర్తిగా మరిచిపోతుంది.

ఇంకో గొప్ప సౌకర్యం కూడా ఉంది. రేపటి క్రాస్ఓవర్ ఎక్కడ వస్తుందో వోర్టెక్స్‌లో ఇవాళే తెలుసుకోవచ్చు. రేపటికి 14 క్యాండిల్స్ వెనక ఉన్న రోజుని చూడండి. ఆ రోజు నిఫ్టీ హై 24,600, లో 24,400 అనుకుందాం, కూడితే 49,000. రేపటి హై, లోల కూడిక 49,000 దాటితే VI+ పైన, తగ్గితే VI- పైన. సాయంత్రం కూర్చుని ఈ అంకె రాసిపెట్టుకుంటే మర్నాడు టెన్షన్ సగం తగ్గుతుంది. డీఎంఐలో ఇంత సులువుగా కుదరదు.

పైగా బోట్స్, సీప్‌మన్ ఉత్త క్రాస్ఓవర్ చూసి కొనమని చెప్పలేదు. క్రాస్ఓవర్ వచ్చిన క్యాండిల్ హైని, కిందికైతే లోని గుర్తు పెట్టుకోవాలి. ధర ఆ అంకెని దాటినప్పుడే పొజిషన్ తీసుకోవాలి. వైల్డర్ కూడా డీఎంఐకి ఇలాంటి నియమమే పెట్టాడు. కానీ వోర్టెక్స్‌కి ఇది తప్పనిసరి. పై లెక్కలో ఐదో రోజు లో 106. షేరు 106 కిందికి పోతేనే అమ్మాలి అని ఆగినవాళ్ళు ఆ దొంగ సిగ్నల్‌లో పడరు. వోర్టెక్స్ వాడుతూ ఈ నియమం పాటించనివాళ్ళే దాన్ని ఎక్కువగా తిడుతుంటారు.

VI+ ఒకటి దాటితే ఇంకా గట్టి సిగ్నల్ అని కొందరు దాన్ని వేరే ధ్రువీకరణలా వాడతారు. గ్యాప్‌లు లేనప్పుడు రెండు గీతల మొత్తం దాదాపు 2 దగ్గరే తిరుగుతుంది. ఒకటి 1.08 అయితే రెండోది 0.92 దగ్గర ఉండాల్సిందే. కాబట్టి ఒకటి దాటడమూ, రెండోదాన్ని దాటడమూ దాదాపు ఒకే సంగతి.

ఇక గ్యాప్. వోర్టెక్స్ నిజంగా తడబడేది ఇక్కడే. నిన్న హై 110, లో 106. ఇవాళ షేరు పైన తెరుచుకుని హై 121, లో 116 చేసింది. VM+ 15. VM- మాత్రం 116కీ 110కీ మధ్య ఉన్న 6. లో నిన్నటి హైకి పైనే ఉన్నా, గుర్తు తీసేసి లెక్కేస్తాం కాబట్టి ఆ 6 కిందివైపు ఖాతాలో పడుతుంది. తేడా 9. అదే షేరు ఆ రోజు 110 దాకా దిగివచ్చి 121కి వెళ్ళి ఉంటే VM- సున్నా, తేడా 15 అయ్యేది. అంటే గ్యాప్ నిలబెట్టుకున్న బలమైన రోజుకి తక్కువ మార్కులు, గ్యాప్ పూడ్చుకున్న రోజుకి ఎక్కువ మార్కులు పడుతున్నాయి! డీఎంఐలో రెండు సందర్భాల్లోనూ పైవైపు 11 పడుతుంది, అది సబబుగా ఉంది.

మన ఊళ్ళో సగం మంది చేతిలో ఐటీ షేర్లే. ఆ కంపెనీల ఫలితాలు ఎక్కువగా మార్కెట్ మూసేశాక వస్తాయి, కొన్నిటికి అమెరికాలో ఉన్న ఏడీఆర్ రాత్రికి కదులుతుంది, పొద్దున్నే ఇక్కడ గ్యాప్. అలాంటి షేర్లకి ఫలితాల సీజన్‌లో వోర్టెక్స్ క్రాస్ఓవర్ నమ్మొద్దనే చెబుతాను. చార్టులో `low > high[1]` కానీ, `high < low[1]` కానీ నిజమైన క్యాండిల్ గత 14లో ఉంటే, ఆ సిగ్నల్ పక్కన పెట్టడం మేలు.

అరూన్, ఎంఏసీడీ సంగతేంటని కూడా అడుగుతుంటారు. అరూన్ తన లెక్కలోని రోజుల్లో అన్నిటికంటే పెద్ద హై, అన్నిటికంటే తక్కువ లో వచ్చి ఎన్నాళ్ళయిందో చెబుతుంది, ఎంత దూరం కదిలిందో చెప్పదు. ఎంఏసీడీ క్లోజ్ మాత్రమే చూస్తుంది, హై, లోలతో పని లేదు. ఈ ప్రశ్నకి అవి రెండూ సూటి జవాబు కావు.

నా చార్టుల్లో ఇప్పుడు షేర్లకి డీఎంఐ ఉంది. నిఫ్టీ డైలీ చార్టుకి మాత్రం వోర్టెక్స్ ఉంచాను, రేపటి అంకె ముందే తెలుస్తుందని. ఇండెక్స్‌లో పూర్తి గ్యాప్ విడి షేర్లంత పెద్దగా రాదు. వచ్చినప్పుడు ఆ 14 రోజులూ డీఎంఐ చూస్తాను.

15 నిమిషాల చార్టు వాడేవాళ్ళు ఒక్క సమయం గుర్తుంచుకోవాలి. 9:15 క్యాండిల్‌లో గ్యాప్ వస్తే, అది 14 క్యాండిల్స్ కిటికీలోంచి బయటికి పోయేది 12:45కి మొదలయ్యే క్యాండిల్‌తో. గ్యాప్ వచ్చిన రోజు మధ్యాహ్నం ఒంటిగంట ప్రాంతంలో వోర్టెక్స్ తిరగబడితే, ధర ఏమీ చేయకుండానే అది జరిగిందేమో చూసుకోండి. ఆ క్యాండిల్ హై గానీ, లో గానీ తెగేదాకా చెయ్యి కదపకండి.