బొమ్మ ఉంది, వెలుగు లేదు: నాలుగేళ్ల 55 అంగుళాల క్యూఎల్‌ఈడీ

ఈ టీవీ మీద నా కోపమంతా దాని బ్యాక్‌లైట్ గురించే. 4కె, క్యూఎల్‌ఈడీ, హెచ్‌డీఆర్, డాల్బీ విజన్ అని డబ్బా నిండా రాశారు గానీ తెర వెనక వెలిగేది ఎలాంటిదో ఒక్క ముక్క లేదు, బెంగళూరు మారతహళ్లిలో మాకు అమ్మిన కుర్రాడూ దాని ఊసెత్తలేదు. తర్వాత తెలిసిందేంటంటే, ఒకే సైజు టీవీల్లో ఒకటి 40 వేలు, ఇంకోటి 60 వేలు ఉందంటే ఆ తేడాలో ఎక్కువ భాగం ఆ చెప్పని దాని దగ్గరే ఉంటుంది.

కొన్న కొత్తలో దీన్ని తెగ పొగిడాను, మా బావమరిది చేత కూడా దాదాపు కొనిపించినంత పని చేశాను. రంగులు బాగుంటాయన్నది ఇప్పటికీ నిజమే. క్యూఎల్‌ఈడీ అన్న పేరు చెప్పేది కూడా ఆ రంగుల గురించే: నీలం ఎల్‌ఈడీల వెలుగు క్వాంటమ్ డాట్ పొర గుండా వెళ్తూ కొంత ఎరుపుగా, కొంత పచ్చగా మారుతుంది, దానివల్ల రంగులు నిండుగా వస్తాయి. అంతవరకే. పేరు చూసి ఓఎల్‌ఈడీకి తమ్ముడేమో అనుకుంటారు, కాదు. ఓఎల్‌ఈడీలో ప్రతి పిక్సెల్ తనంతట తాను వెలుగుతుంది, ఆరిపోతుంది. ఇది మామూలు ఎల్‌సీడీనే, వెనక లైట్లు వెలుగుతూనే ఉంటాయి, ముందున్న ప్యానెల్ ఆ వెలుగును అడ్డుకోవాలి. మా దాంట్లో ఉన్నది ఐపీఎస్ ప్యానెల్. పక్క సోఫాలో కూర్చునే అమ్మకి కూడా బొమ్మ వెలిసిపోకుండా కనిపిస్తుంది, అందుకు మెచ్చుకోవాలి. కానీ వెలుగును అడ్డుకోవడంలో ఐపీఎస్ వీక్. దాని కాంట్రాస్ట్, అంటే తెలుపుకీ నలుపుకీ మధ్య వెలుగు తేడా, వెయ్యికి ఒకటి దగ్గర ఉంటే వీఏ అనే ఇంకో రకం ప్యానెల్‌ది మూడు వేలు, ఆ పైన ఉంటుంది. హాల్లో లైట్లు ఆర్పి సినిమా పెడితే చీకటి సీన్ బూడిద రంగులో ఉంటుంది, పైనా కిందా నల్ల పట్టీలతో సహా.

దీనికి మందు లోకల్ డిమ్మింగ్. అంటే బ్యాక్‌లైట్‌ని జోన్‌లుగా విడగొట్టి, బొమ్మలో చీకటి ఉన్న చోట ఆ జోన్‌ని తగ్గించడం. మినీ ఎల్‌ఈడీ అని అమ్మేవాటిలో సాధారణంగా ఇది ఉంటుంది, జోన్‌లు ఎన్ని అన్నదాన్ని బట్టి రేటు పెరుగుతుంది. జోన్‌లు మరీ తక్కువైతే తెల్లటి సబ్‌టైటిల్ చుట్టూ మసక వెలుగు కనిపిస్తుంది. మా దాంట్లో అసలు జోన్‌లే లేవు. కొన్ని మోడళ్లలో మైక్రో డిమ్మింగ్ అని రాస్తారు, అది చాలాసార్లు సాఫ్ట్‌వేర్‌లో బొమ్మని సర్దడమే, లైట్ తగ్గదు. హెచ్‌డీఆర్ అంటే బొమ్మలో వెలుగుకీ చీకటికీ తేడా ఎక్కువగా చూపించే పద్ధతి, దాని సంగతి ఇంకా విచిత్రం. హెచ్‌డీఆర్ 10 అని రాశారంటే ఆ సిగ్నల్ తీసుకుంటుందని అర్థం, చూపిస్తుందని కాదు. హెచ్‌డీఆర్ సినిమాలు వెయ్యి నిట్స్, అంతకంటే ఎక్కువ వెలుగుని మనసులో పెట్టుకుని తయారవుతాయి, నిట్స్ అంటే తెర వెలుగుకి కొలత. ఇలాంటి టీవీలు 300 నిట్స్ దగ్గరే ఆగిపోతాయి కాబట్టి మొత్తం బొమ్మనే కిందికి తొక్కేస్తాయి. హెచ్‌డీఆర్‌లోనే ఇంకో రకమైన డాల్బీ విజన్ గుర్తు మూలన రాగానే మా ఇంట్లో వచ్చే మాట ఒకటే: 'ఏంటి, డల్ అయిపోయింది?'

ఇక అసలు కథ. వారంటీ అయిపోయి చాలా కాలమయ్యాక ఒక రోజు సీరియల్ మధ్యలో తెర నల్లబడింది, మాటలు మాత్రం వస్తున్నాయి. ఆపి ఆన్ చేస్తే ఒక్క క్షణం వెలిగి మళ్లీ చీకటి. సర్వీస్ నుంచి వచ్చినతను అయిదు నిమిషాలు చూసి ప్యానెల్ పోయిందన్నాడు, చెప్పిన రేటు వింటే కొత్త టీవీకి ఇంకో ఏడెనిమిది వేలే తక్కువ. ప్యానెల్ మార్చడమంటే అంతే, టీవీ ఖరీదులో సగానికి పైగా అదే మరి. కొత్తది చూద్దామని తయారవుతుంటే పక్క ఫ్లాట్ వాళ్లు ఒక మెకానిక్ నంబర్ ఇచ్చారు, హిందూపురం అతను. వచ్చీ రాగానే హాల్లో లైట్లు ఆర్పమన్నాడు, ఫోన్ టార్చ్ వేసి తెరకి దగ్గరగా ఏటవాలుగా పట్టుకున్నాడు, నన్ను రిమోట్‌తో మెనూ తిప్పమన్నాడు. లోపల నీడలా మెనూ కదులుతోంది! 'ప్యానెల్ పోయిందని ఎవరన్నారు సార్? బొమ్మ ఉంది, వెలుగు లేదు.'

తెర వెనక వరసగా ఎల్‌ఈడీ పట్టీలుంటాయి, వాటిలో ఎల్‌ఈడీలన్నీ సిరీస్‌లో కలిపి ఉంటాయి. ఒక్కటి పోయినా ఆ వరసంతా ఆరిపోతుంది, మా బోర్డు లాంటిదైతే తేడా పసిగట్టి బ్యాక్‌లైట్ మొత్తాన్నీ ఆపేస్తుంది. ఆ ఒక్క క్షణం వెలుగుకి కారణం అదే. అతను ఇంకో మనిషిని తెచ్చుకుని, ఇద్దరూ కలిసి గాజుని ఎత్తి మంచం మీద పరిచారు. అంచున ఉండే సన్నటి రిబ్బన్లు చిరిగితే అప్పుడు నిజంగానే ప్యానెల్ పోయినట్టు, అందుకే నన్ను దగ్గరికి కూడా రానివ్వలేదు. టెస్టర్ పెడితే ఒకటి చచ్చింది, ఇంకో రెండు మసగ్గా వెలుగుతున్నాయి. ఒక్కదాన్నే మార్చొచ్చు కదన్నా అంటే, మిగతావీ అంతే పాతబడ్డాయి సార్, మూడు నెలలకి మళ్లీ పిలుస్తారు అన్నాడు. ఎలక్ట్రానిక్స్ సామాన్లు దొరికే ఎస్.పీ. రోడ్ నుంచి సెట్ మొత్తం తెచ్చి వేశాడు, కూలితో కలిపి అయిదు వేల లోపే.

ఎందుకు పోయిందంటే వేడి. షోరూమ్‌లో మెరవడానికి పెట్టిన వివిడ్ మోడ్‌లో బ్యాక్‌లైట్ నూటికి నూరు ఉంటుంది, మా ఇంట్లో పొద్దున్నుంచి రాత్రి దాకా అదే నడిచింది. ఇప్పుడు 60 మీద ఉంది, బాల్కనీ తలుపు తెరిస్తే మధ్యాహ్నం కాస్త కష్టం గానీ రాత్రి అదే ఎక్కువ. రిపేరు మెచ్చుకోవాల్సిందే, కాకపోతే కింద కుడి మూల ఎల్‌ఈడీ మీద ఉండే లెన్స్ ఒకటి సరిగా అతుక్కోలేదేమో, తెల్లటి స్క్రీన్ వస్తే అక్కడ గుండ్రంగా ఒక మచ్చ కనిపిస్తుంది. క్రికెట్ చూసేటప్పుడు తెలీదు, న్యూస్ పెడితే తెలుస్తుంది.

ఈ మధ్య బావమరిది కోసం మళ్లీ షోరూమ్‌లు తిరిగాం. 2025 సెప్టెంబర్ 22 నుంచి 32 అంగుళాలు దాటిన టీవీల మీద జీఎస్టీ 28 నుంచి 18 శాతానికి దిగింది కాబట్టి పాత బిల్లుతో పోల్చడం దండగ. 4కె గురించి అడగడం మానేశాం, 55లో దాదాపు అన్నీ 4కెనే. పైగా ఆ సైజులో ఏడడుగులు దాటి కూర్చుంటే ఫుల్ హెచ్‌డీకీ దానికీ తేడా పట్టుకోవడం మామూలు కళ్లకి కష్టం. సైజు కోసం ఎక్కువ పెట్టడంలో మాత్రం అర్థముంది, 55 నుంచి 65కి వెళ్తే తెర వైశాల్యం 40 శాతం పెరుగుతుంది. మిగతాదానికి సెట్టింగ్స్‌లో Local Dimming ఉందా అని చూశాం, వివిడ్ తీయించి, పెన్‌డ్రైవ్‌లో తెచ్చిన చీకటి సీన్ సబ్‌టైటిల్స్‌తో పెట్టించాం, తర్వాత పక్కకి వెళ్లి నిలబడి చూశాం. వీఏ ప్యానెల్ అయితే పక్క నుంచి రంగు వెలిసినట్టు ఇట్టే తెలిసిపోతుంది, అదే సిరీస్‌లో సైజు మారితే ప్యానెల్ రకం మారేవీ ఉన్నాయి కాబట్టి కొనే సైజునే చూడాలి.

వాడు చివరికి మినీ ఎల్‌ఈడీ తీసుకున్నాడు, 20 వేలు ఎక్కువ. రాత్రి వాళ్లింట్లో సినిమా చూస్తే అసూయగానే ఉంది. అయితే వాళ్లిద్దరే ఉంటారు, ఎదురుగా కూర్చుంటారు. మా ఇంట్లో అమ్మ పక్క సోఫా వదలదు, చూసేది ఎక్కువ పగటి పూట సీరియళ్లు, పైగా వందలకొద్దీ ఎల్‌ఈడీలున్న ఆ బోర్డుని మా హిందూపురం మెకానిక్ ముట్టుకోనన్నాడు. అద్దె ఇంట్లో ఉన్నన్నాళ్లూ నాకు ఈ మచ్చ టీవీ చాలు అనిపిస్తోంది, అమ్మ ఊరెళ్లిన వారం మాత్రం అలా అనిపించదు.