అమ్మ పాత ఫోన్, మరిచిపోయిన ప్యాటర్న్: ఫొటోలు తీసిన తీరూ, ఆ తర్వాతి మూడేళ్ల వాడకమూ

అమ్మ ఆ ఫోన్ 2016లో కొనుక్కుంది. ఆండ్రాయిడ్ 6, పక్కన మెమరీ కార్డు పెట్టుకునే చోటు. నాలుగేళ్లు గట్టిగా వాడి, కొత్తది రాగానే బీరువా సొరుగులో పెట్టేసింది. 2022లో తాతయ్య సంవత్సరీకానికి ఒక మంచి ఫొటో పెద్దది చేయిద్దామని దాన్ని బయటికి తీశాం. ఛార్జింగ్ పెడితే చక్కగా ఆన్ అయింది, తొమ్మిది చుక్కలు ఎదురుగా నిలిచాయి. అమ్మకి ప్యాటర్న్ గుర్తు లేదు. తాతయ్య చివరి ఏడాది ఫొటోలన్నీ అందులోనే ఉన్నాయి.

వీధి చివర ఫోన్ల షాపతను చూసి "ఫ్లాష్ కొట్టేస్తే పది నిమిషాల్లో ఓపెన్ అయిపోద్ది సార్" అన్నాడు. ఫొటోలు ఉంటాయా అని అడిగితే, పోతాయన్నాడు. అతను చెప్పింది నిజమే. పాత ఫోన్‌ని రీసెట్ చేస్తే తెరుచుకుంటుంది, కానీ లోపలి మెమరీ ఎన్‌క్రిప్ట్ అయి ఉంటే, అంటే తాళంచెవి లేనిదే చదవలేని రూపంలో ఉంటే, ఆ తాళంచెవి కూడా రీసెట్‌తో పాటే చెరిగిపోతుంది. ఆ తర్వాత ఏ రికవరీ సాఫ్ట్‌వేరూ ఆ ఫొటోలను వెనక్కి తేలేదు. ఫోన్ తీసుకుని ఇంటికొచ్చేశాం.

ముందు అమ్మ చేతికే ఇచ్చి ప్రయత్నించమన్నాం. ఇక్కడ ఒక లెక్క తెలిసి ఉండాలి. నాలుగు చుక్కలకన్నా తక్కువ కలిపితే అది తప్పు ప్రయత్నం కింద లెక్కలోకి రాదు. అయిదు తప్పులైతే ముప్పై సెకన్లు ఆగమంటుంది. ఆండ్రాయిడ్ 6 నుంచి గూగుల్ పెట్టిన పద్ధతి ప్రకారం, ముప్పై తప్పులు దాటాక ప్రతి పది తప్పులకీ ఆగే సమయం రెట్టింపవుతుంది. నూట నలభై దాటితే ఒక్కో ప్రయత్నానికీ ఒక రోజు ఆగాలి. ప్యాటర్న్‌లేమో మొత్తం 3,89,112. అంటే వరసపెట్టి గీసుకుంటూ పోవడం అయ్యే పని కాదు. అందుకే చుక్కలకి ఫోన్ అంకెల్లాగే 1 నుంచి 9 దాకా నంబర్లిచ్చి, గీసిన ప్రతి ప్యాటర్న్‌నీ కాగితం మీద రాసుకున్నాం. ఇరవై ఏడు దగ్గర ఆపేశాం. ఆఫీసు మెయిల్ పెట్టుకున్న ఫోన్లలో ఇన్ని తప్పులైతే మొత్తం చెరిపేయమనే నియమం ఉండొచ్చు. అలాంటి ఫోనైతే ఇంకా ముందే ఆపాలి.

మా బావ దగ్గర ఆండ్రాయిడ్ 4.4 టాబ్లెట్ ఒకటి ఉండేది. అందులో అయిదు తప్పుల తర్వాత `Forgot pattern?` అని కనిపించేది, జీమెయిల్, పాస్‌వర్డ్ ఇస్తే కొత్త ప్యాటర్న్ పెట్టుకోనిచ్చేది. మన ఫోన్‌లోనూ అది వస్తుందని అమ్మ చాలాసేపు ఎదురుచూసింది. ఆండ్రాయిడ్ 5తోనే ఆ దారి మూసేశారు. గూగుల్ వారి ఫోన్ వెతికే సేవలో ఉండేది దూరం నుంచి చెరిపేసే సదుపాయం, ఉన్న ప్యాటర్న్‌ని తీసేసే సదుపాయం కాదు. శాంసంగ్ ఫోనై, ముందే శాంసంగ్ ఖాతా పెట్టి, రిమోట్ అన్‌లాక్ ఆన్ చేసి ఉంటే మాత్రం చాలా పాత మోడళ్లను వాళ్ల సైట్ నుంచి తెరవచ్చు. మాది ఆ కంపెనీది కాదు.

ఇక తాళం సంగతి వదిలేసి, ఫొటోలు ఎక్కడెక్కడ ఉండొచ్చో వెతకడం మొదలుపెట్టాం.

మొదట మెమరీ కార్డు తీసి రీడర్‌లో పెట్టి కంప్యూటర్‌కి తగిలించాం. 1,140 ఫొటోలు వచ్చాయి, ఏ తాళమూ అడగలేదు. మా అదృష్టం ఏమిటంటే, కార్డు మొదటిసారి పెట్టినప్పుడు ఫోన్ అడిగిన ప్రశ్నకి నేను పోర్టబుల్ అని ఎంచుకున్నాను. ఆండ్రాయిడ్ 6లో దాన్నే ఇంటర్నల్ స్టోరేజీగా మార్చుకునే వీలు కూడా ఉంది. అలా చేసి ఉంటే ఆ కార్డు ఎన్‌క్రిప్ట్ అయి, దాని చెవి ఫోన్‌లోనే ఉండిపోయేది. అప్పుడు రీడర్‌లో పెడితే విండోస్ "ఫార్మాట్ చేయాలా" అని అడుగుతుంది. దానికి సరే అని మాత్రం అనకూడదు. కార్డుని తిరిగి అదే ఫోన్‌లో పెట్టేయాలి. కార్డులో ఉన్నవన్నీ 2018 తర్వాతివి. తాతయ్యవి 2017వి.

తర్వాత photos.google.com లో అమ్మ ఖాతాతో లాగిన్ అయ్యాం. రెండు వందల చిల్లర మాత్రమే ఉన్నాయి. 2019లో ఎవరో బ్యాకప్ ఆన్ చేసి ఉంటారు, కొన్నాళ్లకి ఆగిపోయింది. అవీ కెమెరాతో తీసినవే. వాట్సాప్‌లో వచ్చినవి ఒక్కటీ లేవు.

మిగిలింది లోపలి మెమరీ. కేబుల్‌తో మామూలుగా కలిపితే ఫోన్ ఛార్జ్ అవుతుంది తప్ప, తాళం తీసేదాకా ఫైళ్లు చూపించదు. అప్పుడు ఒక విషయం గుర్తొచ్చింది. 2018లో ఆ ఫోన్‌లో పనికిరాని యాప్‌లు తీసేద్దామని, సెట్టింగ్స్‌లో `Build number` మీద ఏడుసార్లు నొక్కి డెవలపర్ ఆప్షన్స్ తెరిచి, కేబుల్ ద్వారా కంప్యూటర్ నుంచి ఫోన్‌కి ఆదేశాలు ఇవ్వనిచ్చే యూఎస్‌బీ డీబగ్గింగ్ ఆన్ చేశాను. అప్పుడు ఫోన్ అడిగిన పెట్టెలో `Always allow from this computer` దగ్గర టిక్ కూడా పెట్టాను. అంటే ఆ ల్యాప్‌టాప్‌కి ఫోన్ శాశ్వతంగా అనుమతి ఇచ్చింది. స్క్రీన్ తాళం వేసి ఉన్నా ఆ అనుమతి పనిచేస్తుంది.

చిక్కల్లా ఆ ల్యాప్‌టాప్ మదర్‌బోర్డు అంతకు ఏడాది ముందే పోయింది. కొత్త కంప్యూటర్‌లో గూగుల్ వారి ప్లాట్‌ఫామ్ టూల్స్ జిప్ విప్పి, అందులో ఫోన్‌కి ఆదేశాలు పంపే adb అనే ప్రోగ్రాంతో `adb devices` కొడితే, ఫోన్ సీరియల్ నంబరు పక్కన `unauthorized` అని వచ్చింది. అదొక శుభవార్త కూడా. ఆ పేరైనా కనిపించిందంటే డీబగ్గింగ్ ఇంకా ఆన్‌లోనే ఉందన్నమాట. ఆఫ్‌లో ఉంటే జాబితా ఖాళీగా ఉండేది. కొత్త కంప్యూటర్‌కి అనుమతి ఇవ్వాలంటే మాత్రం తాళం తీసి సరే నొక్కాలి, అది కుదరదు.

అయితే ఫోన్ గుర్తుపెట్టుకునేది ల్యాప్‌టాప్‌ని కాదు, అందులో ఉన్న ఒక చిన్న తాళంచెవి ఫైలుని. విండోస్‌లో అది యూజర్ ఫోల్డర్ లోపల `.android` అనే ఫోల్డర్‌లో `adbkey`, `adbkey.pub` అన్న పేర్లతో ఉంటుంది. పాత ల్యాప్‌టాప్ హార్డ్ డిస్క్ పాడవలేదు. దాన్ని ఊడదీసి యూఎస్‌బీ కేసులో పెట్టి, ఆ రెండు ఫైళ్లనూ కొత్త కంప్యూటర్‌లో అదే చోటికి కాపీ చేశాను. ఆ తర్వాత ఇవి కొట్టాను:

```
adb kill-server
adb devices
adb pull -a /sdcard/DCIM D:\amma
adb pull -a /sdcard/WhatsApp/Media D:\amma
```

రెండో వరస తర్వాత `unauthorized` పోయి `device` అని వచ్చింది. అమ్మని పిలిచాను. ఫైళ్ల పేర్లు ఒకదాని వెంట ఒకటి పరుగెడుతుంటే పక్కనే కుర్చీ వేసుకుని కూర్చుంది. నలభై నిమిషాలు పట్టింది, 2,316 ఫొటోలు. ఫోన్ స్క్రీన్ మీద తొమ్మిది చుక్కలు అలాగే ఉన్నాయి.

ఆ `-a` ముఖ్యం. అది లేకుండా లాగితే ఫైళ్లన్నిటికీ ఆ రోజు తారీఖే పడుతుంది. కెమెరా ఫొటోల లోపల తీసిన తేదీ ఎలాగూ ఉంటుంది. వాట్సాప్ ఫొటోల్లో ఆ సమాచారం ఉండదు, `IMG-20170312-WA0004.jpg` లాంటి పేరొక్కటే ఆధారం.

ఇది అందరి ఫోన్‌లోనూ ఇలాగే జరగదు. మా ఫోన్ రెండేళ్లు ఆఫ్‌లో ఉండి ఆన్ అయినా ఫైళ్లు ఇచ్చిందంటే, అది పాత పద్ధతి ఎన్‌క్రిప్షన్. ఆన్ అయ్యేటప్పుడే ప్యాటర్న్ అడిగే ఏర్పాటు మేం పెట్టుకోలేదు కాబట్టి, ఫోన్ లేవగానే మెమరీ తెరుచుకుంది. తర్వాత వచ్చిన ఫోన్లలో, ముఖ్యంగా ఆండ్రాయిడ్ 10తో మార్కెట్‌లోకి వచ్చిన వాటి నుంచి, ప్రతి రీస్టార్ట్ తర్వాత ఒక్కసారైనా తాళం తీస్తేనే ఫొటోలు తెరుచుకుంటాయి. అలాంటి ఫోన్ ప్యాటర్న్ మరిచిపోతే దాన్ని ఆఫ్ చేయకూడదు, ఛార్జింగ్ అయిపోనివ్వకూడదు. రీస్టార్ట్ అయిందో లేదో తెలియాలంటే ఇంకో ఫోన్ నుంచి దానికి కాల్ చేయాలి. సేవ్ చేసిన పేరు కనిపిస్తే మెమరీ ఇంకా తెరిచే ఉంది. ఒట్టి నంబరు మాత్రమే కనిపిస్తే మూసుకుపోయినట్టే. తెరిచి ఉన్నప్పుడు, తెలిసిన వైఫై దగ్గర ఛార్జింగ్‌లో ఉంచితే, బ్యాకప్ ముందే ఆన్‌లో ఉన్న పక్షంలో మిగిలిన ఫొటోలు వాటంతటవే ఖాతాలోకి ఎక్కుతాయి. ఇంకొకటి, ఆండ్రాయిడ్ 11 నుంచి కంప్యూటర్‌కి ఇచ్చిన అనుమతి ఏడు రోజులు వాడకపోతే దానంతటదే రద్దవుతుంది. కాబట్టి నేను చేసిన పని కొత్త ఫోన్ల మీద నడుస్తుందని ఆశపెట్టుకోకండి.

ఫొటోలన్నీ రెండు చోట్ల పెట్టుకున్నాకే ఫోన్ రీసెట్ చేశాం. రీసెట్ తర్వాత పాత జీమెయిల్, పాస్‌వర్డ్ అడిగింది. ఆండ్రాయిడ్ 5.1 నుంచి ఉన్న దొంగతనం రక్షణ అది. ఆ పాస్‌వర్డ్ పనిచేస్తోందని వేరే ఫోన్‌లో ముందే చూసుకోవడం మంచిదైంది.

అప్పటి నుంచి మూడేళ్లుగా అమ్మ కొత్త ఫోన్‌లో గూగుల్ ఫొటోస్ బ్యాకప్ నడుస్తోంది. ఇది నమ్మదగ్గదేనని వాడాక చెప్పగలను, కానీ ఆన్ చేసి వదిలేస్తే చాలదు. వాట్సాప్ ఫోల్డర్‌ని విడిగా ఎంచుకుంటేనే అవి ఎక్కుతాయి. మొదటి ఆరు నెలలు నేనూ ఇది గమనించలేదు. ఉచితంగా వచ్చే 15 జీబీ మెయిల్‌తో కలిపి కాబట్టి రెండో ఏడాదికే నిండింది. నిండిన రోజు నుంచి బ్యాకప్ ఆగిపోతుంది, అమ్మ అలాంటి నోటిఫికేషన్లు చదవకుండానే పక్కకి నెట్టేస్తుంది. ఇంకా ప్రమాదమైనది, ఫోన్‌లో చోటు కోసమని ఆ యాప్‌లో ఫొటో చెరిపితే ఖాతాలోనూ పోతుంది. చెత్తబుట్టలో అరవై రోజులు ఉంటుంది, అంతే. ఒకసారి మా పిన్ని కూతురి నిశ్చితార్థం ఫొటోలు అక్కడి నుంచే వెనక్కి తెచ్చాం.

అందుకే నెలకోసారి ఊరెళ్లినప్పుడు కేబుల్ పెట్టి హార్డ్ డిస్క్‌లోకి కాపీ చేస్తున్నాను. మూడేళ్లలో రెండుసార్లు తప్పిపోయాను. ప్యాటర్న్‌ని అమ్మ పాల లెక్క పుస్తకం చివరి పేజీలో అంకెల్లో రాసుకుంది, ఫోన్ నంబరులో నాలుగు అంకెల్లా కనిపించేట్టు.

తాతయ్య ఫొటో దొరికింది. అరుగు మీద కూర్చుని, చేతిలో పేపరు పట్టుకుని, ఎవరో పిలిస్తే తలెత్తి చూసినప్పుడు తీసింది. ఫ్రేము కట్టించి హాల్లో పెట్టాం.