రారు, రాడు, రాలేదు: ఇంగ్లీషులో ఏది ఎలా రాస్తే మేలు?

ఓ కథ అనువాదంలో ఒకే పేజీ దగ్గర రెండు రోజులు ఆగిపోయాను. పెళ్లి పనుల మధ్య కోడలు "మామయ్యగారు రారు" అంటుంది. మాటా మాటా పెరిగాక "రాడు, నాకు తెలుసు" అనేస్తుంది. మారింది ఒక్క అక్షరం. ఇంగ్లీషులో రెండూ "హి వోంట్ కమ్" దగ్గరే ఆగుతాయి.

"చేస్తారు", "చెయ్యరు" పక్కపక్కన పెట్టి చూడండి. మొదటిదాంట్లో కాలం చెప్పే "స్తా" ఉంది, రెండోదాంట్లో లేదు. అది పోయి, "రు" నేరుగా "చెయ్య"కు అతుక్కుంటే చాలు, "కాదు" అన్న అర్థం వచ్చేస్తుంది. ఆ "రు" గౌరవమూ కావచ్చు, బహువచనమూ కావచ్చు. కాలం సంగతి పక్కమాటలు చెప్పాలి: "రేపు రారు" అంటే వోంట్, "మాంసం తినరు" అంటే డజంట్.

మరి ఆ గౌరవాన్ని ఏం చేయాలి? ప్రతి "రు"కీ ఒక "సర్" తగిలించడం ఒక దారి. కోడలు మామగారి గురించి "సర్" అంటే ఇల్లు ఆఫీసైపోతుంది. మెత్తగా ఉంటుందని "వోంట్ బి ఏబుల్ టు కమ్" అని రాయడం ఇంకో దారి. నేనూ మొదట అదే రాశాను. అది "రాలేరు" అవుతుంది. మామగారు పంతం పట్టి రానంటుంటే, నా అనువాదంలో పాపం రాలేకపోతున్నాడు! ఏమీ పట్టించుకోకుండా వదిలేస్తే గొడవ ముదిరిన క్షణమే మాయం.

నా లెక్కలో మేలైనది, మామూలు గౌరవాన్ని వదిలేసి, అది తెగినచోట మాత్రమే గుర్తు పెట్టడం. అందుకే మొదటిది "మై ఫాదర్-ఇన్-లా వోంట్ కమ్", రెండోది "దట్ మ్యాన్ వోంట్ కమ్" అని రాశాను. "దట్ మ్యాన్" మూలంలో లేదు, "డు"లో ఉంది.

అయితే జరిగిపోయినదాని దగ్గర ఈ కిటుకు పనిచేయదు. "మామయ్యగారు రాలేదు", "వాడు రాలేదు", "నేను రాలేదు" అన్నింటికీ చివర ఒకటే. గౌరవమంతా ముందున్న మాటలోనే ఉంటుంది, దాన్నే చూసుకోవాలి.

ఆడవాళ్ల విషయంలో ఇంకో చిక్కుంది. రాలేకపోతే అన్నయ్య "రాలేడు", వదిన మాత్రం "రాలేదు". నిన్న రాకపోయినా అదే మాట, రేపు రాలేకపోయినా అదే మాట. ఆ కథలోనే "డాక్టరు కదలొద్దన్నాడు, వదిన రాలేదు" అని ఉంటే చకచకా "డిడ్ నాట్ కమ్" అని రాసేశాను. రెండు పేజీలు దాటాక తెలిసింది, పెళ్లి ఇంకా జరగనే లేదని. వెనక్కి వెళ్లి "కాంట్ కమ్" చేశాను.