ఫోన్‌లోనే షాపు వీడియోలు: 14 నెలల వాడకం, ఒక ‘దు’ పోయిన కథ

రామంతాపూర్ మెయిన్ రోడ్డు మీద మా నాన్నది మిక్సీలు, గ్రైండర్లు బాగుచేసే షాపు. షటరు ఎత్తితే ఆరడుగుల దూరంలో రోడ్డు, దాని మీద రోజంతా ఆటోలు, బస్సులు. 14 నెలలుగా ఆ షాపు వీడియోలు నేనే తీసి, నేనే ఎడిట్ చేసి పెడుతున్నాను. ఇప్పటికి అరవై దాటాయి. అన్నీ ఫోన్‌లోనే చేశాను, ల్యాప్‌టాప్ ముట్టుకోలేదు. యాప్ ఉచితంగా దొరికేదే. దాని పేరు కావాలని రాయడం లేదు, నాకెదురైన ఇబ్బందులు ఆ ఒక్క యాప్‌వే అని నేను అనుకోవడం లేదు.

నా మాట ముందే చెప్పేస్తాను. నిమిషం లోపు వీడియోలకు ఫోన్ ఎడిటింగ్ ఖాయంగా సరిపోతుంది. సరిపోనిది ఫోన్ మైకు. ఇక నమ్మకూడనిది, మాటల మధ్య ఖాళీలను దానంతట అదే తీసేసే బటన్.

ఆ బటన్ సంగతే ముందు. ‘మిక్సీ జార్ కింద నుంచి నల్లటి నీళ్ళు ఎందుకు కారతాయి’ అని ఒక వీడియో తీశాం. నాన్న మాట్లాడింది 2 నిమిషాల 40 సెకన్లు. అందులో నమస్కారం, షాపు పేరు, గొంతు సవరించుకోవడం కలిపి మొదటి 11 సెకన్లు. మధ్యలో స్క్రూడ్రైవర్ వెతకడం ఇంకో 20. ఖాళీలు తీసే బటన్ నొక్కాను. క్షణంలో వీడియో సగానికి వచ్చింది, నేను మురిసిపోయాను. క్యాప్షన్లు కూడా యాప్‌తోనే రాయించి, పైపైన చూసి పెట్టేశాను.

నాలుగు రోజులకు ఒక ఆంటీ జార్ పట్టుకుని వచ్చింది. “వాషర్ ఒక్కటి మార్చు అన్నా, చాలు.” నాన్న, వాషర్‌తో పని కాదు, లోపల బ్లేడు కడ్డీ తిరిగే బుష్ అరిగిపోయింది అన్నాడు. “అదేంది, వాషర్ మారిస్తే లీకు ఆగుతదని నువ్వే చెప్పినవ్ కదా వీడియోల?”

ఆమె వెళ్ళాక ఇద్దరం కూర్చుని చూశాం. నాన్న అసలు అన్నది, “వాషర్ మారిస్తే లీకు ఆగదు. బుష్ మార్చాలి.” మా వీడియోలో వినబడుతున్నది, “వాషర్ మారిస్తే లీకు ఆగ… బుష్ మార్చాల్.” కింద క్యాప్షన్‌లో ‘లీకు ఆగుతుంది’ అని ఉంది. మాట తెగిపోతే యాప్ తనకు తోచింది పూరించింది.

తప్పు ఎక్కడ జరిగిందో టైమ్‌లైన్‌ను వేళ్ళతో పెద్దది చేసి చూస్తే తెలిసింది. ఆ బటన్ చూసేది శబ్దం ఎంత గట్టిగా ఉందన్నదే. ఒక మట్టం కన్నా తగ్గితే అది ఖాళీ అనుకుని కోసేస్తుంది. తెలుగు మాట దాదాపు ఎప్పుడూ అచ్చుతో ముగుస్తుంది, వాక్యం చివరికి వచ్చేసరికి ఆ అచ్చు మెత్తబడి సగం ఊపిరిలో కలిసిపోతుంది. పైగా మనకు ‘కాదు’, ‘లేదు’, ‘వద్దు’ అన్న అర్థమంతా ఉండేది ఆ తోకలోనే. తోక తెగితే మాట తిరగబడుతుంది.

అప్పటి నుంచి ఖాళీలు చేత్తోనే తీస్తున్నాను. టైమ్‌లైన్‌లో కనబడే శబ్దపు గీత పడిపోయిన చోట కోయను. గీత పూర్తిగా చదునైన చోటు చూసుకుని, అక్కడి నుంచి మరో నాలుగైదు ఫ్రేములు వదిలి కోస్తాను. సెకనుకు 30 ఫ్రేములు కాబట్టి అది సెకనులో ఆరోవంతు లోపే. తర్వాతి మాట వైపు మాత్రం దగ్గరగా కోయొచ్చు. ‘బుష్’లో ‘బ’ లాంటివి గట్టిగా మొదలవుతాయి, గీతలో గోడలా కనిపిస్తాయి. కోసిన ప్రతి చోటా కళ్ళు మూసుకుని ఒకసారి వింటాను. తెర చూస్తూ వింటే పోయిన అక్షరాన్ని మనసే పూరించేసుకుంటుంది.

అదే వీడియోను మళ్ళీ చేస్తే 43 సెకన్లు వచ్చింది. నమస్కారం తీసేసి, జార్ కింద నల్లటి చుక్క పడే షాట్‌తో మొదలుపెట్టాను. స్క్రూడ్రైవర్ వెతుకులాట పోయింది. ఒక ఖాళీ మాత్రం కావాలనే ఉంచాను. నాన్న అరిగిన బుష్‌లో బ్లేడు కడ్డీని వేలితో అటూ ఇటూ కదిలించి చూపిస్తాడు, సెకనున్నర ఏమీ మాట్లాడడు. ఆ వదులు చూస్తేనే లీకు ఎందుకో అర్థమవుతుంది. మొదట్లో అలాంటివన్నీ కోసేసేదాన్ని. మా మేనత్త చూసి, “మీ నాయన్ని ఎవరన్నా తరుముతున్నరా ఏంది?” అని అడిగింది. కోసిన చోట తల గెంతినట్టు కనబడితే దాని మీద చేతుల షాట్ కప్పేస్తాను, కింద మాట నడుస్తూనే ఉంటుంది. అందుకే మాట్లాడటం అయ్యాక చేతులు, పానాలు, జార్ అడుగు విడిగా ఓ రెండు నిమిషాలు తీసి పెట్టుకుంటాను.

ఆడియో గురించి. మొదటి రెండు నెలలు ఫోన్‌ను నాలుగడుగుల దూరంలో స్టాండ్ మీద పెట్టి తీశాను. రోడ్డు, నాన్న సమానంగా వినబడేవారు. శబ్దం తగ్గించే స్లయిడర్‌ను చివరిదాకా లాగితే రోడ్డు పోయింది కానీ నాన్న బిందెలో తల పెట్టి మాట్లాడినట్టు అయింది, ‘స’లు, ‘శ’లు మాసిపోయాయి. తర్వాత కాలరుకు పెట్టుకునే వైరు మైకు కొన్నాను. నోటికి జానెడు దూరంలో గుండీ దగ్గర పెట్టాక రోడ్డు దానంతట అదే వెనక్కి పోయింది. ఇప్పుడు స్లయిడర్‌ను మూడోవంతు దాటనివ్వను. ఒక జాగ్రత్త: మైకు గుచ్చినా ఫోన్ తన సొంత మైకుతోనే రికార్డు చేస్తూ ఉండొచ్చు. నాకు ఒక పూట పని అలాగే పోయింది. తీసే ముందు మైకును వేలితో రెండుసార్లు తట్టి, ఆ క్లిప్ విని మొదలుపెట్టండి.

మిక్సీ తిరిగే మోత విడి క్లిప్‌గా తీసి, మాట లేని చోటే పెడతాను. అంతా అయ్యాక ఇయర్‌ఫోన్స్ తీసేసి, షటరు దగ్గర నిలబడి, ఫోన్ స్పీకర్ సగం పెట్టి వింటాను. అక్కడ మాట తెలిస్తే చాలు.

క్యాప్షన్లు ఇప్పుడు కోతలన్నీ అయ్యాకే రాయిస్తాను, ప్రతి లైనూ దిద్దుతాను. ‘బుష్’ ఎప్పుడూ ‘పుష్’ అవుతుంది. తెలుగు మాటలు పొడుగు కాబట్టి ఒకేసారి రెండు మూడు మాటలు మించనివ్వను. రెండు లైన్లు పెడితే పై లైను వత్తులు కింది లైను గుడుల మీద పడతాయి, లైన్ల మధ్య ఎడం పెంచాలి. అక్షరాల మధ్య ఎడం మాత్రం ముట్టుకోకండి, మా యాప్‌లో వత్తులు విడిపోయి పక్కన పడుతున్నాయి. అక్షరం తర్వాత అక్షరం వచ్చే యానిమేషన్‌లోనూ అదే గోల. అక్షరం చుట్టూ మందం గీత పెడితే ‘మ’, ‘య’లలో సున్నాలు పూడుకుపోతాయి, దాని బదులు వెనక నల్లటి పట్టీ మేలు. మందంగా, స్పష్టంగా ఉంటుందని నేను గూగుల్ ఫాంట్స్‌లోని ‘రామభద్ర’ను యాప్‌లో ఎక్కించుకుని వాడుతున్నాను. తెర అడుగున ఐదోవంతు ఖాళీగా వదలాలి, అక్కడ ఖాతా పేరూ వివరణా వచ్చి కూర్చుంటాయి.

ఇబ్బందులు లేకపోలేదు. ఎక్స్‌పోర్ట్ చేస్తుంటే ఫోన్ వేడెక్కుతుంది, ఏప్రిల్‌లో మధ్యాహ్నం పూట అయితే ఆ పని చేయడమే మానేశాను. గ్యాలరీ నిండిందని అసలు క్లిప్పులు చెరిపేస్తే యాప్‌లో ప్రాజెక్టు నల్లటి గడులైపోయింది. యాప్ క్లిప్పును దాచుకోదని, అది ఉన్న చోటును మాత్రమే గుర్తుపెట్టుకుంటుందని అప్పుడు తెలిసింది. ఒక్క వీడియోకు ఇప్పటికీ గంటన్నర పడుతుంది, అందులో సగం ఖాళీలకూ క్యాప్షన్లకే. డబ్బు కట్టే ప్లాన్ తీసుకోలేదు, తీసుకోవాల్సిన అవసరం రాలేదు. మైకుకు పెట్టిన ఖర్చు ఒక్కటే.

నాన్న మాత్రం ఇప్పుడు కెమెరా ముందు ప్రతి వాక్యం చివర ‘దు’ దగ్గర ఆగి, నా వైపు చూసి, “వచ్చిందా అమ్మా?” అంటాడు. ఆ ముక్క కూడా కోయాల్సి వస్తోంది.