నైట్ లైటా, బ్రైట్‌నెస్సా?

నల్లగొండలో ఇంటి నుంచే అకౌంట్స్ రాసే మా తమ్ముడికి రాత్రి పదయ్యేసరికి కళ్లు మంట. కంప్యూటర్‌లో Night light సెట్టింగ్ ఫుల్‌గా పెట్టాడు. స్క్రీన్ పసుపెక్కింది, ఎక్సెల్‌లో రంగులు కలిసిపోయాయి, మంట మాత్రం అలాగే ఉంది. అది ప్రధానంగా స్క్రీన్‌లో నీలి వెలుగును తగ్గించి రంగును మారుస్తుంది. బ్లూ ఫిల్టర్ కళ్లద్దాలపై 2023లో, వైద్య అధ్యయనాలను కలిపి పరిశీలించే కాక్రేన్ సంస్థ సమీక్షలోనూ, కొద్దికాలం వాడకంలో కంటి అలసట బహుశా తగ్గదనే తేలింది.

బ్రైట్‌నెస్ సంగతి వేరు. స్క్రీన్ పక్కన తెల్లకాగితం పట్టుకున్నాం. స్క్రీన్ దీపంలా వెలిగితే ఎక్కువ, బూడిదరంగులో కనిపిస్తే తక్కువ. పగలు కిటికీ దగ్గర 80 శాతం సరిపోయింది, రాత్రి ట్యూబ్‌లైట్ కింద 35 చాలింది. గదిలో లైటు ఆర్పకూడదు. నా ఓటు బ్రైట్‌నెస్‌కే.

అయినా కొంత మంట మిగిలింది. కూలర్ గాలి సూటిగా ముఖానికి కొడుతోంది, పైగా స్క్రీన్ చూస్తూ రెప్ప వేయడమే తగ్గిపోతుంది. కూలర్‌ను పక్కకు తిప్పాం.