‘దాన్ని’ అంటే దేన్ని? వాక్యం విడగొట్టాలా, పేరు మళ్లీ రాయాలా

మాన్యువల్స్ రాసేవాళ్లు నన్ను ఎక్కువగా అడిగేది ఇదే: రెండు అర్థాలు వచ్చే వాక్యాన్ని రెండు ముక్కలు చేస్తే సరిపోతుందా, లేక ‘అది’, ‘దాన్ని’ ఉన్నచోట పేరు మళ్లీ రాయాలా?

ఈ వాక్యం చూడండి: “app.conf ఫైల్‌ను backup ఫోల్డర్‌లోకి కాపీ చేసి, దాన్ని డిలీట్ చేయండి.” పోవాల్సింది అసలు ఫైలా, ఇప్పుడే చేసిన కాపీయా, ఫోల్డరా? రాసినవాడికి అనుమానం రాదు, ఎందుకంటే ఏది పోవాలో అతనికి ముందే తెలుసు. తెలుగులో ఈ మూడింటికీ ‘దాన్ని’ అనే అంటాం కాబట్టి వ్యాకరణం కూడా ఆదుకోదు.

విడగొడితే ఇలా ఉంటుంది: “1. app.conf ను backup లోకి కాపీ చేయండి. 2. దాన్ని డిలీట్ చేయండి.” చూడటానికి నీట్‌గా ఉంది కానీ అనుమానం అక్కడే ఉంది. అసలు తిప్పలు ఆరు నెలల తర్వాత మొదలవుతాయి. ఎవరో ఈ రెండింటి మధ్య “app-new.conf ను అప్‌లోడ్ చేయండి” అని ఒక స్టెప్ చేర్చారనుకోండి. ‘దాన్ని’ ఇప్పుడు కొత్త ఫైల్ మీదికి పోతుంది. స్టెప్ చేర్చినవాళ్లు కింది వాక్యాన్ని ముట్టుకోనే లేదు, కాబట్టి రివ్యూలో కూడా దొరకదు. నా లెక్కలో తేల్చేది ఇదే: తర్వాత ఎవరో దిద్దినా అర్థం చెదరకూడదు. “పాత ఫోల్డర్‌లో ఉన్న app.conf ను డిలీట్ చేయండి” అని రాస్తే మధ్యలో పది స్టెప్పులు చేరినా తేడా రాదు. మళ్లీ మళ్లీ అదే పేరా అని విసుగొస్తుంది, నిజమే. అలాగని ఒకసారి ‘కాన్ఫిగ్ ఫైల్’, ఇంకోసారి ‘సెట్టింగ్స్ ఫైల్’ అని మార్చకండి. చదివేవాళ్లు రెండు ఫైళ్లున్నాయనుకుంటారు.

విడగొట్టడం గెలిచే చోటు వేరే ఉంది. “అప్‌డేట్ పూర్తయి, సర్వర్‌ను రీస్టార్ట్ చేయండి” లాంటివి తరచూ కనిపిస్తాయి. పూర్తయ్యేది అప్‌డేట్, రీస్టార్ట్ చేసేది మనిషి. కర్తలు వేరైనప్పుడు ‘పూర్తయి’ అతకదు. “అప్‌డేట్ పూర్తయ్యే వరకు ఆగండి. తర్వాత సర్వర్‌ను రీస్టార్ట్ చేయండి” అంటే సరి. కానీ “రన్ అవుతున్నప్పుడు ఫైల్‌ను ఎడిట్ చేయవద్దు” అన్నదాన్ని ఎంత విడగొట్టినా లాభం లేదు. ఏది రన్ అవుతున్నప్పుడో పేరు పెట్టి చెప్పాల్సిందే.

‘మొదటిది’, ‘రెండోది’, ‘పైన చెప్పినది’ అనే దారీ ఉంది. వరస మారితే అదీ తప్పుతుంది, వదిలేయండి.

పదం చోటు మార్చడం మాత్రం ఒక సందర్భంలో తప్పనిసరి. “పాడైన సర్వర్‌లోని డిస్క్‌ను తీయండి” అంటే పాడైంది సర్వరా, డిస్కా? ఒక డిస్క్ ఇప్పటికే పోయిన RAID 5 లో బాగున్న ఇంకో డిస్క్ లాగేస్తే మొత్తం అర్రే ఆగిపోతుంది. “సర్వర్‌లోని పాడైన డిస్క్” అని రాసి, స్లాట్ నంబర్ ఎక్కడ చూడాలో కూడా చెప్పండి.

పబ్లిష్ చేసే ముందు నేను ‘దాన్ని’, ‘దాని’, ‘అది’, ‘వాటిని’ అని సెర్చ్ కొడతాను. దొరికిన ప్రతిచోటా ముందు వచ్చిన పేర్లు ఒక్కొక్కటే పెట్టి చదువుతాను. రెండు పేర్లు అతికితే పేరే రాసేస్తాను.